శాలువా కప్పేశాక మైక్ నా చేతికొచ్చింది

"రెండు మంచి మాటలు చెప్పవయ్యా" అన్నారు. ఇవాళ రిటైరవుతున్న మా సీనియర్ అసిస్టెంట్ సార్ ముందు వరుసలో, మెడలో బంతిపూల దండతో మొహమాటంగా కూర్చున్నారు.

ముందు నిజమే చెప్పాను. కంప్యూటర్ సార్‌కి చివరిదాకా వంటబట్టలేదు. అర్జెంట్ అంటే ఇంకా నెమ్మదిస్తారు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వారు.

తర్వాత మా పాత అటెండర్ సంగతి చెప్పాను. ఆయన సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఏడాదికి వెరిఫికేషన్ ఎంట్రీ లేదు. ఆ ఏడాది పనిచేసినట్టు రుజువేదని పెన్షన్ ఫైల్ వెనక్కొచ్చింది. సార్ మూడు రోజులు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని రికార్డ్ రూమ్‌లో పాత జీతాల బిల్లులు తిరగేశారు. పన్నెండు నెలల బిల్లుల్లోనూ ఆయన పేరు వెతికి పట్టుకుని, వాటిని చూపించి ఆఫీసర్‌తో ఎంట్రీ వేయించి, సంతకం పెట్టించారు. పదకొండు దొరికితే చాలదా అని విసుక్కున్నది నేనే.

ఆ అటెండర్ ఇవాళ మల్కాజిగిరి నుంచి బస్సెక్కి వచ్చారు. వెనక వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాట ఆగిపోయింది.

టీ, ఉస్మానియా బిస్కెట్లు తింటుంటే సార్ నా చెవిలో అన్నారు: "ఆ బిల్లుల కట్టలు నేను మళ్ళీ వరసలో పెట్టలేదురా. సోమవారం నువ్వు పెట్టెయ్."