తొడుక్కోవడం సులువే, విప్పడం దగ్గరే చిక్కు

కొత్తగా చేరిన నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, వార్డు సిబ్బందికి స్టాండర్డ్ ప్రికాషన్స్ గురించి చెప్పే పని ఈసారి నామీద పడింది. మొదటి భాగం తొందరగానే ముగించాను. జబ్బేమిటో తెలిసినా తెలియకపోయినా, ప్రతి రోగి రక్తంలోనూ, చెమట తప్ప మిగతా శరీర ద్రవాల్లోనూ క్రిములు ఉండొచ్చనుకునే పనిచేయాలి. అలాగని అందరి దగ్గరికీ అన్నీ తగిలించుకుని వెళ్లక్కర్లేదు. బీపీ చూడాలంటే మామూలుగా చేతులు శుభ్రంగా ఉంటే చాలు. రక్తం తీయాలంటే గ్లౌజులు కావాలి. పుండు కడిగేటప్పుడు చిమ్మేలా ఉంటే గౌను, మాస్కు, గాగుల్స్ కూడా కావాలి.

తొడుక్కునే వరుస ఎవరికైనా వెంటనే వచ్చేస్తుంది: చేతులు శుభ్రం చేసుకుని గౌను, తర్వాత మాస్కు, గాగుల్స్, చివర గ్లౌజులు. గ్లౌజు అంచు గౌను చేతి మీదికి రావాలి, మణికట్టు కనబడకూడదు.

నా సమయమంతా విప్పడానికే పెట్టాను. ఒకమ్మాయిని ముందుకు పిలిచి, అతినీలలోహిత కాంతిలో మెరిసే లోషన్ ఆమె గ్లౌజులకూ గౌను ముందు వైపుకూ పూసి, ఇష్టమొచ్చినట్టు విప్పమన్నాను. ఉక్కపోతకు అందరూ చేసేదే ఆమె కూడా చేసింది, ముందు మాస్కు లాగేసింది. లైట్లు ఆర్పి టార్చి వేస్తే గడ్డం మీద, చెంప మీద, చెవి పక్కన మెరుపు!

ముఖం కడుక్కుని వచ్చాక రెండోసారి వరుసగా చేయించాను. మొదటి గ్లౌజును బయటివైపు పట్టుకుని తిరగేసి లాగి, గ్లౌజున్న చేతిలోనే ఉంచుకుంది. ఒట్టి వేలిని రెండో గ్లౌజు లోపలికి దూర్చి, దాన్ని మొదటిదాని మీదుగా ఒలిచేసింది. చేతులకు శానిటైజర్ రాసుకుని ఆరేదాకా, అంటే 20 నుంచి 30 సెకన్లు, రుద్దుకుంది.

"గ్లౌజులు ముందే తీసేస్తే గాగుల్స్ ఒట్టి చేత్తో ముట్టుకోవాలి కదా మేడమ్?" అని వెనక నుంచి ఒకబ్బాయి అడిగాడు. నిజంగా ఆలోచించేవాళ్లకే వచ్చే సందేహం ఇది. అన్నిటికన్నా మురికైనవి గ్లౌజులే, వాటితో తల దగ్గరికి చెయ్యి పోకూడదు. గాగుల్స్ ముందు భాగమే మురికి, కాబట్టి వెనక పట్టీ పట్టుకుని తీస్తాం. గౌను ముడులు విప్పి, మెడ, భుజాల దగ్గర నుంచి లోపలి వైపే ముట్టుకుంటూ తిరగేసి చుట్టేస్తాం. మాస్కు చివర. దాని ముందు భాగం తాకకుండా కింది నాడా, ఆ తర్వాత పై నాడా విప్పాలి. మళ్లీ చేతులు శుభ్రం చేసుకోవాలి.

ఈసారి టార్చికి ముఖం మీద ఏమీ మెరవలేదు గానీ, మణికట్టు దగ్గర సన్నటి గీత కనబడింది. వరుస తప్పకపోయినా కొంత అంటుతుంది, గ్లౌజుకు కంటికి కనబడని చిల్లులూ ఉండొచ్చు. చివర్లో చేతులు శుభ్రం చేసుకోమనేది అందుకే. కంటికి కనబడే మురికి ఉంటే శానిటైజర్ చాలదు, సబ్బుతో కడగాల్సిందే.

గౌను, గ్లౌజులు కలిపి ఒకేసారి తీసే పద్ధతి కూడా ఉందని, అదీ సరైనదేనని, మీ వార్డులో ఏది నేర్పితే దాన్నే పాటించమని చెప్పాను. ఎన్95 వేసుకున్నప్పుడు మాత్రం మిగతావి గది గుమ్మం దగ్గరే విప్పి, బయటికొచ్చి తలుపు మూశాకే దాన్ని తీయాలి.