కాడ్మియం పొలానికి మొక్క ఎంపిక: 45 పంటల లెక్క

కాడ్మియం లాంటి విష లోహాలు చేరిన పొలంలో వాటిని వేళ్లతో పీల్చి కోతతో బయటికి పంపడానికి ఏ మొక్క వేయాలో తేల్చేటప్పుడు నేను మొక్కల జాబితా జోలికి ముందే వెళ్లను. మొదట మట్టి బరువు లెక్క వేస్తాను. ఎకరా పొలంలో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 1,050 టన్నులు ఉంటుంది. కిలోకు 1 మిల్లీగ్రాము అంటే టన్నుకు 1 గ్రాము. కాబట్టి కాడ్మియం 5 మిల్లీగ్రాముల నుంచి 3కి దిగాలంటే ఎకరా నుంచి 2,100 గ్రాములు బయటికి పోవాలి. (మురుగు బురద వాడే నేలలకు యూరప్ పెట్టిన పరిమితి 1 నుంచి 3. నేను పై గీతనే లక్ష్యంగా పెట్టుకున్నాను.)

పేరు మోసిన మొక్క నోకియా కెరులెసెన్స్. ఆకుల్లో కిలోకు వందల మిల్లీగ్రాముల కాడ్మియం పట్టుకుంటుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని గాంజ్ ప్రాంతపు రకం మరీ ఎక్కువ. కానీ నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్క, చల్లని వాతావరణానిది. మన మైదానాల ఎండకు నిలవదు, నిలిచినా మొత్తం బరువు తక్కువే. చూడాల్సింది ఆకులోని గాఢతను కాదు, గాఢతను ఎండు బరువుతో గుణిస్తే వచ్చే అంకెను.

అందుకే ఆవాలు తీసుకున్నాను. ఎకరాకు 3 టన్నుల ఎండు మొక్క, కిలోకు 20 మిల్లీగ్రాముల కాడ్మియం అనుకుంటే ఒక పంటకు 60 గ్రాములు వెళ్తుంది. 2,100ని 60తో భాగిస్తే 35 పంటలు. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి, తప్పు కూడా ఇక్కడే ఉంది. మట్టిలో కాడ్మియం తగ్గేకొద్దీ మొక్క తీసుకునేదీ తగ్గుతుంది. మొదట్లో ఎకరాలో ఉన్నది 5,250 గ్రాములు. 60 గ్రాములంటే అందులో 1.14 శాతం. ప్రతి పంటా మిగిలినదాంట్లో అదే శాతం తీస్తుందనుకుంటే 5 నుంచి 3కి రావడానికి 45 పంటలు కావాలి. ఏడాదికి రెండు పంటలు వేసినా 22 ఏళ్లు దాటుతుంది. అసలు వేళ్లకు అందే భాగం మొత్తం కంటే త్వరగా కరిగిపోతుంది కనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

ఆ 20 మిల్లీగ్రాముల అంకె కూడా నేలను బట్టి మారిపోతుంది. ఆమ్ల నేలలో కాడ్మియం తేలిగ్గా వేళ్లకు చేరుతుంది. సున్నపు గులకలున్న నల్లరేగడిలో అది బిగిసిపోతుంది, అక్కడ గంధకం వేసి ఆమ్లత పెంచాలని చూస్తే సున్నం దాన్ని మింగేస్తుంది. అలవాటు కొద్దీ జింక్ సల్ఫేట్ వేసినా నష్టమే, వేరు దగ్గర కాడ్మియంతో జింకు పోటీ పడుతుంది.

పురోగతిని మట్టి పరీక్షతో మాత్రమే చూసేవాళ్లు త్వరగా మోసపోతారు. ఒక పంటకు తగ్గేది 0.06 మిల్లీగ్రాములే. నమూనా తీయడంలో, పరీక్షలో కలిపి 10 శాతం తేడా సహజం అనుకుంటే, అది 0.5 అవుతుంది. తొమ్మిది పంటల దాకా నిజమైన తగ్గుదల ఆ తేడాలోనే దాక్కుంటుంది. మధ్యలో ఎవరైనా లోతు దుక్కి దున్ని 20 సెంటీమీటర్ల మట్టిని 30లో కలిపేస్తే, కింది మట్టి శుభ్రమైనదైతే, ఒక్క గ్రాము కాడ్మియం బయటికి పోకుండానే అంకె 5 నుంచి 3.3కి పడుతుంది. కాగితం మీద శుద్ధి అయినట్టే! అందుకని ప్రతి కోతకూ మొక్కను తూచి, ఆరబెట్టి, పరీక్ష చేయించి ఎన్ని గ్రాములు వెళ్లాయో పుస్తకంలో రాస్తాను. మట్టి నమూనా ఎప్పుడూ ఒకే లోతులో, ఒకే గుర్తుల దగ్గర తీస్తాను.

కోత పూత మొదలైనప్పుడే. గింజ ముదిరేదాకా ఆగితే ఆకులు రాలి, తీసిన కాడ్మియం మళ్లీ నేలకే చేరుతుంది. కోసింది పశువులకు వేయకూడదు, పొలంలో కాల్చకూడదు. కాలిస్తే కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదై అదే చేలో పడుతుంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి పంపే ఖర్చు మొదటి రోజే లెక్కలో ఉండాలి.

ఇదే లెక్క సీసానికి వేస్తే ఎంపికే మారిపోతుంది. కిలోకు 500 మిల్లీగ్రాముల నుంచి 300కి రావాలంటే ఎకరా నుంచి 210 కిలోలు తీయాలి. కాండం, ఆకుల్లో కిలోకు 50 మిల్లీగ్రాములు ఎక్కిందన్నా పంటకు 150 గ్రాములే. అంటే 1,400 పంటలు! ఆ 50లోనూ ఆకుకు అంటిన దుమ్ము ఎంతో చూడాలి, కడగకుండా పరీక్షిస్తే మట్టి సీసాన్నే మొక్క సీసమనుకుంటాం. 1990ల ప్రయోగాల్లో, మట్టికి అంటిన లోహాన్ని విడిపించి నీటిలో కరిగించే ఈడీటీఏ అనే రసాయనం కలిపితే ఆకుల్లోకి సీసం బాగా ఎక్కింది, నిజమే. కానీ పొలంలో అదే ఈడీటీఏ విడిపించిన సీసం వానతో భూగర్భజలం వైపు దిగుతుంది. అందుకే సీసపు చేలో శుద్ధి మాట వదిలేసి, నేల కదలకుండా కట్టేసే వట్టివేరు వేస్తాను. సీసం ఎక్కువ భాగం దాని వేళ్లలోనే ఆగుతుంది. వాలుకు అడ్డంగా వరుసల్లో, పిలకకూ పిలకకూ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే మట్టి కొట్టుకుపోదు. ఆ వేళ్లను మాత్రం తవ్వి అమ్మకూడదు.