ధర పెరిగిందని వెతికితే తగ్గిందని ఎందుకు వస్తుంది: దాన్ని సరిచేసిన నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డు ధరల వార్తల్లో వెతకడానికి తెలుగు సెర్చ్ తయారుచేసే పని ఇది. "పెరిగింది" అని టైపు చేస్తే ఎగబాకింది, పుంజుకుంది, హెచ్చింది ఉన్న వార్తలు కూడా రావాలి. అందుకే దగ్గరి మాటల పట్టిక కావాల్సి వచ్చింది. ఫేస్‌బుక్ పరిశోధకులు 157 భాషలకు ఉచితంగా పెట్టిన, మాటల్ని అంకెలుగా మార్చి పోల్చే ఫాస్ట్‌టెక్స్ట్ మోడళ్లలో తెలుగుదీ ఉంది. ఫైలు కొన్ని జీబీలు ఉంటుంది కాబట్టి మెమరీ తక్కువ ఉన్న ల్యాప్‌టాప్ మీద లోడ్ కాదు. లోడ్ అయితే మాత్రం ఇంతే పని:

```python
import fasttext
m = fasttext.load_model("cc.te.300.bin")
for s, w in m.get_nearest_neighbors("పెరిగింది", k=20):
    print(round(s, 3), w)
```

ఈ పట్టికలో "తగ్గింది" లాంటి మాటలు పైవరుసల్లోకి వచ్చేస్తాయి. ధర పెరిగిందా అని చూసే రైతుకు పడిపోయిందన్న వార్త చూపించడం కన్నా ఏమీ చూపించకపోవడమే నయం. మోడల్ పాడైందనుకుని ఇంకోటి దించుకున్నా ఫలితం మారదు, ఎందుకంటే అది చేయాల్సిన పనే అది చేస్తోంది.

ఈ మోడళ్లకు అర్థం తెలియదు, ఏ మాట పక్కన ఏ మాటలు వస్తాయో మాత్రమే తెలుసు. ఒకేలాంటి చోట్ల వాడే మాటలకు అర్థాలూ దగ్గరగా ఉంటాయని జెలిగ్ హారిస్ 1954లో రాశాడు. 2013లో గూగుల్ నుంచి వచ్చిన వర్డ్‌టువెక్, ఆ తర్వాతి ఫాస్ట్‌టెక్స్ట్ రెండూ ఆ ఆలోచన మీదే నడుస్తాయి. ఒక్కో మాటకు అటూ ఇటూ ఐదేసి మాటలు చూసి, ఆ మాటను 300 అంకెల వరసగా మారుస్తాయి. రెండు వరసల మధ్య కోణం ఎంత చిన్నదైతే ఆ మాటలు అంత దగ్గరివని లెక్క.

ఇప్పుడు యార్డు వార్త ఒకటి తీసుకోండి: "తేజ రకం ధర క్వింటాలుకు 500 రూపాయలు పెరిగింది." చివరి మాట తీసేసి అక్కడ "తగ్గింది" పెట్టండి. వాక్యం ఎక్కడా తేడాగా వినిపించదు, చుట్టూ ఉన్న మాటల్లో ఒక్కటీ మారదు. వేడి, చల్లదనం సంగతీ ఇంతే. నీళ్లు, కాఫీ, గాలి, అన్నం రెండింటి పక్కనా వస్తాయి. వ్యతిరేక పదాలంటే ఏ సంబంధమూ లేనివి కావు. ఒకే కొలతకు రెండు కొసల్లో ఉన్నవి. ఆ కొలత ఏమిటో చుట్టూ ఉన్న మాటలు చెబుతాయి గానీ, ఏ కొసో చెప్పవు.

అంకెల్లో చూస్తే ఇంకా తేటపడుతుంది. లెక్క అర్థం కావడానికి చిన్న అంకెలు పెడుతున్నాను, ఇవి నిజం మోడల్లోవి కావు. ధర, క్వింటాలుకు, నిల్వ, రికార్డు అనే నాలుగు మాటలు పక్కన ఎన్నిసార్లు వచ్చాయో వరసగా రాద్దాం. పెరిగింది: 8, 5, 2, 1. తగ్గింది: 7, 5, 3, 1. ఎగబాకింది: 3, 0, 0, 3. పెరిగింది, తగ్గింది వరసల్ని జతజతగా గుణించి కూడితే 56+25+6+1, అంటే 88. ఒక్కో వరసను దానితోనే గుణించి కూడితే 94, 84 వస్తాయి. వాటి లబ్ధానికి వర్గమూలం సుమారు 88.9. 88ని దాంతో భాగిస్తే 0.99. ఇదే ఆ రెండు మాటల పోలిక, ఇది ఒకటికి దగ్గరయ్యేకొద్దీ కోణం చిన్నదని లెక్క. అదే పద్ధతిలో పెరిగిందికీ ఎగబాకిందికీ 0.66 మాత్రమే వస్తుంది. ఎగబాకింది అన్నమాట రికార్డు ధరల వార్తల్లోనే ఎక్కువ కనబడుతుంది కాబట్టి దాని చుట్టుపక్కల వేరే. పర్యాయపదం దూరంగా, వ్యతిరేకపదం దగ్గరగా తేలింది. అందుకే "0.7 దాటినవే తీసుకుందాం" అని గీత గీస్తే లాభం లేదు. ఆ గీత ముందు పనికొచ్చే మాటనే కోసేస్తుంది.

పక్కమాటల్ని ఐదు కాకుండా రెండే చూడమంటే ఏమవుతుందన్నది చాలామందికి వచ్చే ఆలోచన. చూపు తగ్గిస్తే వాక్యంలో ఒకే స్థానంలో ఇమిడే మాటలు దగ్గరవుతాయి, పెంచితే ఒకే విషయానికి చెందినవి దగ్గరవుతాయి. పెరిగింది, తగ్గింది ఈ రెండు లెక్కల్లోనూ జంటే. కాబట్టి అక్కడ సమయం వృథా చేయొద్దు.

తెలుగులో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఫాస్ట్‌టెక్స్ట్ మాటను ముక్కలుగా కూడా చూస్తుంది. ఈ మోడళ్లలో ఒక్కో ముక్క ఐదు యూనికోడ్ గుర్తులు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కోటీ విడి గుర్తే. మాట మొదట్లో <, చివర > చేర్చి కోస్తుంది. "తగ్గింది"లో ఎనిమిది గుర్తులు, ఆ రెండూ కలిపితే పది, కాబట్టి ఆరు ముక్కలు. "పెరిగింది"కి ఏడు. రెండింటిలోనూ ఉన్నవి రెండు: "గింది", "ింది>". మాట అంకెల వరసలో ఈ ముక్కల వాటా కూడా ఉంటుంది కాబట్టి, ఒకే క్రియారూపంలో ఉన్న వ్యతిరేకాలు ఇంకాస్త దగ్గరికి జరుగుతాయి. ఇటు చూస్తే "తగ్గింది", "తగ్గలేదు" రెంటికీ "<తగ్గ" ఉమ్మడి. ఇంగ్లీషులో కాదనడం విడి మాట. మనకు అది క్రియలోనే కలిసిపోతుంది, ఆ ముక్క బరువు మోడల్‌కు పట్టదు. ఎక్కువ రూపాలున్న భాషకు ముక్కల పద్ధతి మేలే. ఎప్పుడూ చూడని రూపానికి కూడా ఓ చోటు ఇస్తుంది. దాని ఖరీదు ఇది.

సరిచేయడానికి బయటి నుంచి సమాచారం ఇవ్వక తప్పదు. ఏవి వ్యతిరేకాలో మోడల్‌కు చెప్పాలి. ఆ జంటల్ని ఎక్కడ పట్టుకోవాలన్నదే అసలు పని. వ్యతిరేక పదాలు ఒకే వాక్యంలో అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు కలిసి వస్తాయని జస్టెసన్, కట్జ్ 1991లో ఇంగ్లీషు పాఠాల్లో లెక్కించి చూపారు. "ఇక్కణ్నుంచి అక్కడిదాకా", "ఇదో అదో" అనే ధోరణిలో వచ్చే జంటలు పర్యాయపదాలు కావని 2003లో డెకాంగ్ లిన్, సహచరులు చూపారు. తెలుగులో ఇలాంటి వాక్యపు అచ్చులు బోలెడు: "ఎక్కువో తక్కువో", "వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా", "పెరిగినా తగ్గినా", "పెరుగుతుందో తగ్గుతుందో". వార్తల్లో ఈ అచ్చుల్ని వెతికితే జంటలు వాటంతట అవే పడతాయి. ద్వంద్వ సమాసాల్ని మాత్రం నమ్ముకోవద్దు. హెచ్చుతగ్గులు, లాభనష్టాలు పనికొస్తాయి గానీ, అదే అచ్చులో సిరిసంపదలూ కష్టనష్టాలూ ఉన్నాయి. మొదటిదాంట్లో రెండూ దాదాపు ఒకే అర్థం, రెండోదాంట్లో రెండూ ఒకే వైపువి. అచ్చులతో దొరికిన ప్రతి జంటనూ మనిషి చూసి తీరాలి. ధరల వార్తలవరకే అయితే అది మరీ పెద్ద పని కాదు, ఈ వార్తల్లో క్రియలు కొన్నే తిరుగుతుంటాయి.

జంటలు చేతికొచ్చాక రెండు దారులు. మొదటిది మోడల్ అంకెల్నే సవరించడం. 2016లో వచ్చిన కౌంటర్‌ఫిట్టింగ్ పద్ధతి వ్యతిరేక జంటను లంబకోణం దాకా, అంటే పోలిక సున్నా అయ్యేదాకా, విడదీస్తుంది. పర్యాయపదాల్ని దగ్గరికి లాగుతుంది, మిగతా ఇరుగుపొరుగు చెదరకుండా చూసుకుంటుంది. మంచి పద్ధతే, కానీ పట్టికలో ఉన్న మాటలనే కదుపుతుంది. పెరిగింది–తగ్గింది జంట ఇస్తే "పెరుగుతోంది", "పెరిగిన", "పెరగొచ్చు" ఉన్నచోటే ఉంటాయి. తెలుగు క్రియకు ఉన్న రూపాలన్నీ పుట్టించి జంటలు కట్టి ఇవ్వాలి.

రెండో దారి మోడల్‌ను ముట్టుకోకుండా వచ్చిన పట్టికను జల్లెడ పట్టడం. ధరల సెర్చ్‌కి నేను దీన్నే ఎంచుకున్నాను. కారణం సులువు అని కాదు, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో కనిపిస్తుందని. క్రియాధాతువులకు దిక్కు ఇస్తాం. పెరుగు, ఎగబాకు, పుంజుకొను పైకి, తగ్గు, పడిపోవు, దిగు కిందికి. అడిగిన మాట దిక్కు, వచ్చిన మాట దిక్కు వేరైతే తీసేయడమే.

మొదటి అక్షరాలు చూసి ధాతువు పట్టేద్దామంటే దెబ్బ తగిలేది ఇక్కడే. "పెర"తో మొదలయ్యేవన్నీ పైదిక్కు అంటే పెరడు కూడా అందులో పడుతుంది. "తగ్గ"తో మొదలయ్యేవన్నీ కిందికి అంటే "దానికి తగ్గట్టు"లోని తగ్గట్టు కిందిదిక్కు అయిపోతుంది. ఇక "పెరుగు ధర" అనే వార్త పాలకేంద్రం గురించి, ఎగుదల గురించి కాదు. అందుకే మొదటి అక్షరాలతో కాకుండా పూర్తి రూపాల పట్టికతో పోల్చాలి. నామవాచకం కూడా అయ్యే ఒట్టి "పెరుగు" లాంటి వాటిని పట్టికలో చేర్చకూడదు.

కాదనే రూపాల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. "లేదు" చేరితే దిక్కు తిప్పేద్దాం అనిపిస్తుంది. అలా చేస్తే "తగ్గలేదు" పైకి పోతుంది. కానీ ధర తగ్గలేదంటే పెరిగిందని కాదు, చాలాసార్లు నిలకడగా ఉందని. "లేదు", "కుండా" ఉన్న రూపాలకు మూడో గుర్తు ఇచ్చి, "నిలకడ", "స్థిరం" ఉన్న గుంపులో కలిపితే జవాబులు సరిగా వస్తాయి.

పని కుదిరిందో లేదో తేల్చడానికి మూడేసి మాటల పరీక్ష చాలు: పెరిగింది, ఎగబాకింది, తగ్గింది. మొదటి రెండింటి పోలిక, మొదటి–మూడో మాటల పోలికకన్నా ఎక్కువైతే ఒక మార్కు. జల్లెడ పెట్టినప్పుడైతే రెండోది మిగిలి, మూడోది పోవాలి. పరీక్షలో వాడే జంటల్ని పట్టిక తయారుచేసేటప్పుడే పక్కన పెట్టేయాలి. పట్టికలో ఉన్న జంటలతోనే పరీక్షిస్తే నూటికి నూరు వస్తుంది, ఆ నూరుకు విలువ లేదు. ఇంగ్లీషుకు ఇలాంటి పరీక్ష కోసమే 2015లో సిమ్‌లెక్స్-999 అనే జంటల పట్టిక వచ్చింది. సంబంధం ఉండటం వేరు, ఒకే అర్థం ఉండటం వేరని అది మార్కుల్లోనే విడగొడుతుంది.

ఈ జల్లెడకు అందనిదీ ఒకటుంది. "తాలు ధర తగ్గినా తేజకు గిరాకీ పెరిగింది" అనే వాక్యంలో రెండు దిక్కులూ ఉన్నాయి. ఏ క్రియ ఏ రకానిదో తేల్చాలంటే మాటల పోలిక సరిపోదు, వాక్యాన్ని విడగొట్టాలి. అలాంటి వార్తల్ని నేను తీసేయకుండా, రెండు క్రియలూ రంగు వేసి చూపిస్తున్నాను. చదివేవాళ్లకు ఆ తేడా తెలియడానికి ఒక్క చూపు చాలు.