నొప్పి లేని పుండు

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచి వచ్చిన మర్నాడు, నా కుడి పాదం అడుగున బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పొక్కు చితికి ఉందని మా కోడలు చూసింది. నాకు తెలియనే లేదు. పద్దెనిమిదేళ్ల షుగరుకు పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. నొప్పి లేదు కదా అని ఆ పూటే వంటింట్లో నిలబడి పులిహోర చేశాను.

తరువాత మూడు నెలలు రోజూ కట్టు కట్టించుకున్నాను. కట్టేవాడు పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వచ్చేది. చెడు పోతోందని సంబరపడేదాన్ని. అది కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేస్తుందని, ఉప్పునీటితో కడిగితే చాలని నాకెవరూ చెప్పలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. ఆ కట్టు కోసం అర కిలోమీటరు నడిచి వెళ్లి, మళ్లీ అర కిలోమీటరు నడిచి వచ్చేదాన్ని. ఆ మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు “అమ్మా, ఆ కాలు కింద పెట్టకండి” అనలేదు. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం కట్టు విప్పితే వాసన వచ్చింది. తిండి మారలేదు, ఇన్సులిన్ మానలేదు, అయినా రెండు రోజులుగా షుగరు 300 దాటుతోంది. పాదం పైభాగం ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంది. కోడలు బాల్ పెన్నుతో ఆ ఎరుపు అంచు చుట్టూ గీత గీసింది. పదకొండింటికి వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకున్నాయి. ఒంటిగంటకు లైటు వేసి చూస్తే ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మేర పైకి పాకింది. “నొప్పి లేదు కదమ్మా, తెల్లారాక వెళదాం” అన్నాను. “నొప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు అత్తయ్యా” అని ఆటో పిలిచింది. ఆ గీతే నా కాలిని నిలబెట్టింది.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నా ముందే మా అబ్బాయితో, “ఈ వయసులో ఇంకా ఎంత నడుస్తారు? వేళ్లు తీసేస్తే వారంలో ఇంటికి వెళ్లిపోవచ్చు” అన్నాడు. నాకు 61 ఏళ్లు. ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ గొంతు పూడుకుపోతుంది.

పెద్ద సర్జన్ గారు వచ్చి పాదం మీద నాడి చూశారు. మొండి ఉక్కు పుల్లతో పుండు లోపల తడిమి, ఎముక తగలలేదన్నారు. ఎక్స్‌రే కూడా చూసి వేళ్లు తీయనవసరం లేదని తేల్చారు. చీము తీశారు, మందులు ఎక్కించారు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక మోకాలి దాకా పిండికట్టు వేస్తామంటే నేను భయపడ్డాను. ఆయన నా అరచేతిని బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. ఆ చోటు తెల్లబడింది. “చూశారా, నొక్కినంతసేపు ఇక్కడికి రక్తం రాదు. మీరు అడుగు వేసిన ప్రతిసారీ పుండుకు ఇదే జరుగుతోంది. అసలే షుగరు ఎక్కువగా ఉంటే ఒంట్లో మరమ్మతు నెమ్మదిగా సాగుతుంది. రాత్రి కట్టుకున్నది పగలు తొక్కేస్తే ఎప్పటికి మానుతుంది?” అన్నారు. కుష్ఠురోగుల మొద్దుబారిన పాదాలకు వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు గారు ఇలాగే పిండికట్లు వేసి పుళ్లు మాన్పారని కూడా చెప్పారు.

ఆ కట్టు బరువును పాదమంతటికీ, పిక్కకీ పంచుతుంది. తీసి పక్కన పెట్టే వీలు లేకపోవడమే దాని బలం. నా చేతిలో ఉంటే స్నానానికనో పూజకనో తీసేసేదాన్నే. కానీ పాదానికి రక్తం సరిగా అందనివారికీ, చీము ఉన్నవారికీ వేయకూడదట, లోపల ఏం జరుగుతోందో కనపడదు కనుక. వాపు తగ్గి వదులవుతుందని మొదటి కట్టు మూడో రోజునే మార్చారు, తరువాత వారానికొకసారి. మార్చినప్పుడల్లా అంచున తెల్లగా గట్టిపడిన ఆనెను బ్లేడుతో చెక్కేవారు. అది చెప్పులో రాయిలా పుండును నొక్కుతుందట. చెక్కుతుంటే నెత్తురు చూసి నేను కళ్లు మూసుకునేదాన్ని. ఆయన స్కేలు పెట్టి కొలిచేవారు. నాలుగు వారాల్లో సగానికైనా తగ్గకపోతే ఎక్కడో ఏదో తప్పిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి వెతకాలన్నారు. నాది సగం కన్నా చిన్నదైంది. తొమ్మిదో వారం పూర్తిగా మూసుకుంది. ఆ రోజు ఆయన కాళ్లకు దండం పెట్టబోతే వారించారు.

పుండు మానిన చోట చర్మం పలుచన, మళ్లీ అక్కడే పగలొచ్చు. అందుకే ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ చెప్పులు లేకుండా అడుగు వేయను. షుగరు ఉన్నవాళ్లు మొక్కుకోవాలనుకుంటే చెప్పులు విడిచే మొక్కు మాత్రం వద్దు, అప్పన్న మన పాదాలు అడగడు.

మొన్న ఆషాఢ పౌర్ణమికి నా బదులు కోడలు నడిచింది. ఆమె ఇల్లు చేరాక కుర్చీలో కూర్చోబెట్టి, రోజూ నా పాదం చూసుకునే అద్దం నేలమీద పెట్టి, ఆమె రెండు అరికాళ్లూ నేనే చూశాను.