గోల చేయకూడదని కాదురా

ఈసారి సెలవుకి విశాఖ వచ్చినప్పుడు, ఒక ఇంగ్లిషు అద్దె ఒప్పందంలోని మాటకి తప్పు అర్థం చెప్పానని నాన్న నన్ను గట్టిగా మందలించారు. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కి తిరిగి వచ్చాక కూడా మనసులోంచి పోవడం లేదు.

మద్దిలపాలెంలో మా పక్కింటి అబ్బాయి గాజువాకలో ఫిట్టర్. భార్య నర్సుగా ఇంగ్లండు వెళ్లింది, ఇతను వెళ్లాలి. అక్కడి ఇంటి అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఇతనూ సంతకం పెట్టాలి. "అన్నా, నాకు తెలుగులో రాసివ్వు. తెలియకుండా సంతకం పెట్టను" అన్నాడు. వరండాలో కూర్చుని ఒక్కో షరతూ చెబుతూ రాశాను. నాన్న పక్కనే పేపరు చదువుకుంటున్నారు. ఆయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశారు.

మొదటి చిక్కు అడ్వాన్స్ దగ్గర వచ్చింది. మనకి అడ్వాన్స్ అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే డబ్బు. ఆ ఒప్పందంలో 'రెంట్ ఇన్ అడ్వాన్స్' అంటే ముందుగా కట్టే మొదటి నెల అద్దె, అది తిరిగి రాదు. తిరిగి రావాల్సింది డిపాజిట్. అద్దె నెలకి 900 పౌండ్లు, డిపాజిట్ ఐదు వారాల అద్దె, అంటే 1,038 పౌండ్లు. ఇంగ్లండులో మామూలు ఇళ్లకి అంతకు మించి డిపాజిట్ అడగకూడదు. దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో రక్షణలో పెట్టాలి. రెండింటికీ అడ్వాన్స్ అనే రాసి ఉంటే అతను మొత్తం 1,938 పౌండ్లూ వెనక్కి వస్తాయనుకునేవాడు. అందుకే 'ముందు అద్దె', 'డిపాజిట్' అని విడదీశాను.

తర్వాత 'క్వైట్ ఎంజాయ్‌మెంట్' వచ్చింది. నేను ఆలోచించకుండా "ఇంట్లో గోల చేయకుండా ప్రశాంతంగా ఉండాలి" అన్నాను.

నాన్న పేపరు దించారు. "ఒరే, ఆ మాట ఎవరు ఎవరికి ఇస్తున్నారు? వాక్యంలో కర్త ఎవరో చూడు."

చూశాను. కర్త ఓనరు. ఓనరు ఒప్పుకుంటున్నాడు, అద్దెకుండేవాళ్లకి తన వల్ల గానీ తన తరఫువాళ్ల వల్ల గానీ అడ్డంకి రానివ్వనని. గోల గురించిన షరతు వేరే ఉంది, రెండు పేజీల అవతల. పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకూడదని అందులో రాశారు. అక్కడ కర్త అద్దెకుండేవాడు.

"ఓనరు ఇచ్చిన హామీని ఈ కుర్రాడి నెత్తిన బాధ్యతగా పెట్టేశావు" అన్నారు నాన్న.

నాకు కష్టంగా అనిపించింది. తొమ్మిదేళ్లుగా నేను అదే అర్థంతో బతికాను. రాత్రి ఎనిమిది దాటితే మిక్సీ వేసేవాణ్ని కాదు. ఒకసారి గోడౌన్‌లో నైట్ షిఫ్టు చేసి ఇంటికొచ్చి పడుకుంటే, ఓనరు తరఫు ఏజెంటు చెప్పకుండా తాళం తీసుకుని లోపలికి వచ్చేశాడు. నేనే లేచి సారీ చెప్పాను. మరమ్మతు ఎలా ఉందో చూడ్డానికి వచ్చినా, కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలని అక్కడి చట్టంలోనే ఉంది. పైపు పగలడం లాంటి అత్యవసరమైతే వేరు.

నా పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు అద్దింట్లో ఓనరు మామ్మగారు ఎప్పుడు పడితే అప్పుడు పైకి వచ్చేవారు. చేతిలో పులిహోర గిన్నె ఉండేది. ఆవిడ రావడం అడ్డంకి అని మాకెవరికీ తోచలేదు, ఇప్పటికీ తోచదు. ఆవిడకి మా ఇంట్లో ఎవరికి జ్వరమో తెలుసు. ఆ ఏజెంటుకి నా పేరు పలకడం కూడా రాదు. తలుపు తెరుచుకోవడం ఒకటే గానీ, లోపలికి వచ్చే మనిషి ఒకటి కాదు. ఆ తేడా తెలియకే నేను అక్కడ కూడా ఒదిగి ఉన్నాను.

మరి తెలుగులో ఏమని రాయాలి? 'ప్రశాంత అనుభవం' అంటే మళ్లీ గోలే గుర్తొస్తుంది. ఉత్త 'అనుభవించడం' అంటే మన వాడుకలో కష్టపడడం కూడా. నాన్న తన దస్తావేజుల మాటలు తీశారు: నిరాటంకం, స్వాధీనానుభవం. మొదటి మాట సరిగ్గా సరిపోయింది. రెండోది ఆ అబ్బాయికి బరువైంది. చివరికి ఇలా రాశాం: "అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఈ ఇంటిని మీ స్వాధీనంలో ఉంచుకుని నిరాటంకంగా వాడుకోవచ్చు. నేను గానీ నా తరఫువాళ్లు గానీ అడ్డు రాము అని ఓనరు హామీ ఇస్తున్నాడు."

కింద ఇంకో వాక్యం చేర్చాను: ఓనరుకి సంబంధం లేని పక్కింటివాళ్ల గోలకి ఈ షరతు పనిచేయదు.

సంతకం ఇంగ్లిషు కాగితం మీదే పడుతుంది, తగవు వస్తే చూసేది కూడా అదే. అందుకని ప్రతి తెలుగు వాక్యం పక్కనా షరతు నంబరు వేసి, అసలు మాటని తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. ఆ అబ్బాయి "క్వైట్ ఎంజాయ్‌మెంట్" అని రెండుసార్లు పైకి చదువుకున్నాడు. నాన్న మూడోసారి చదివించారు.