శుశ్రూష దగ్గర పోయిన అర మార్కు

మిత్రులారా, మొన్న వచ్చిన స్కూల్ అసిస్టెంట్ తెలుగు సెలక్షన్ లిస్టులో నా పేరుంది. మెథడాలజీ, ఛందస్సు ఎలా చదవాలో మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. పోయినసారి నన్ను ముంచిన శ, ష, సల గురించే రాస్తాను.

అప్పుడు సుశ్రూష, శుశ్రూష, శుష్రూష, శుశ్రూస ఇచ్చి సరైన రూపం గుర్తించమన్నారు. సుగుణంలో ఉన్న ‘సు’యే అనుకుని మొదటిది పెట్టాను. అంతకుముందు నెలంతా తప్పొప్పుల పట్టీ బట్టీ పట్టినవాణ్ణే. పట్టీలో లేని మాట వచ్చేసరికి చెవిని నమ్మాను. మాటల్లో శ, ష మనం దాదాపు ఒకేలా పలుకుతాం, ఇక చెవి ఏం చెబుతుంది?

తర్వాత ఆ మాటను విప్పి చూశాను. ధాతువు ‘శ్రు’, అంటే వినడం. శ్రవణం, శ్రోత దాని నుంచి వచ్చినవే. శుశ్రూష అంటే మొదట వినాలనే కోరిక, సేవ అన్న అర్థం తర్వాతది. ధాతువు రెండుసార్లు వచ్చి ‘శుశ్రూ’ అయింది, కాబట్టి రెండూ శలే. చివర చేరింది కోరికను చెప్పే ‘స’ ప్రత్యయం. జిజ్ఞాస, పిపాసల్లో ఉన్నదీ అదే. అక్కడ ముందు ‘ఆ’ ఉంది కాబట్టి స అలాగే ఉంది. ఇక్కడ ముందు ‘ఊ’ ఉంది కాబట్టి ష అయింది.

అప్పటి నుంచి పట్టీ పక్కన పెట్టి, అనుమానం వచ్చిన ప్రతి మాటలో ముందున్న అచ్చు చూడడం మొదలుపెట్టాను. నమస్కారం, పురస్కారం, తిరస్కారం: ముందు అకారం, కాబట్టి స. ఆవిష్కారం, బహిష్కారం, పరిష్కారం: ముందు ఇకారం, కాబట్టి ష. దుష్కర్మలో ఉకారం. ప్రసాదం, విషాదం ఒకే ‘సద్’ ధాతువువి. ‘వి’ తగలగానే స మారింది. అభిషేకంలో ఉన్నది సేకమే. శాసనంలోని ‘శాస్’ ధాతువే శిష్యుడిలో ‘శిష్’ అయింది, మొదటి శ మాత్రం కదల్లేదు.

అయితే ఈ సూత్రం స ఎప్పుడు ష అవుతుందో మాత్రమే చెబుతుంది. ధాతువులోనే శ ఉంటే ముందు ఏ అచ్చున్నా మారదు. విశేషంలో ‘వి’ తర్వాత శ నిలిచింది అందుకే. విషేషం అని రాసేవాళ్లు ఈ సూత్రాన్ని అతిగా వాడుతున్నారు. అలాగే అకారం తర్వాత ష రాకూడదనీ కాదు, భాషలో ష ధాతువుదే. అనుసరణ, విసర్జన, విస్మరణల్లో ఇ, ఉ ఉన్నా స మారదు. వీటిని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే, నేను నోటు పుస్తకం వెనక అట్టమీద రాసుకున్నాను.

ఈసారి ‘నిష్ణాతుడు’ అడిగారు. ఆ మాట నేను ఎక్కడా చదివి పెట్టుకోలేదు. ‘ని’ తర్వాత స్నా ధాతువు, అంటే ఇకారం తర్వాత స. ష పక్కకు రాగానే న కూడా ణ అయింది. పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.