డ్రాప్‌షిప్పింగ్‌లో లాభం ఎక్కడ జారిపోయిందో వెతికిన నా అనుభవం

అనంతపురంలో మా ఇంటి నుంచే వంటింటి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. మొదట్లో అంతా డ్రాప్‌షిప్పింగ్ పద్ధతిలోనే సాగింది, అంటే అమ్మే వస్తువు ఒక్కసారి కూడా నా చేతిమీదుగా వెళ్లేది కాదు. కొనుగోలుదారు నా వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెడతాడు. ఆ వివరాలను నేను సూరత్‌లోని సరఫరాదారుకు పంపి, అతని ధర ముందే చెల్లిస్తాను. అతను నా దుకాణం పేరున్న లేబుల్ అంటించి సరుకును కొరియర్‌కు అప్పగిస్తాడు. మా వైపు ఆర్డర్లలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీయే కాబట్టి, కొరియర్ సంస్థ డబ్బు వసూలు చేసి, డెలివరీ అయిన వారం పది రోజులకు నా ఖాతాలో వేస్తుంది. ఇది పెట్టుబడి లేని వ్యాపారమని వీడియోల్లో చెబుతారు గాని, ఆ వారం పది రోజులూ సరఫరాదారుకూ ప్రకటనలకూ చెల్లించిన డబ్బంతా మన జేబులోదే.

తాడు లాగితే కూరగాయలు తరిగే చాపర్ నా దగ్గర బాగా అమ్ముడయ్యేది. పన్నును పక్కన పెట్టి గుండు అంకెల్లో దాని లెక్క చెబుతాను. అమ్మకం ధర 500 రూపాయలు. సరఫరాదారుకు 200, కొరియర్‌కు 70, నగదు వసూలు రుసుము 30, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఒక్కో ఆర్డర్‌కు సగటున 120 పోతే, 80 రూపాయలు మిగులుతుంది. నూరు ఆర్డర్లకు 8,000. కొత్తగా దిగేవారు దాదాపు అందరూ ఇక్కడే లెక్క ఆపేస్తారు.

ఆ నూరు పార్సెళ్లలో ముప్పై తిరిగి వచ్చాయనుకుందాం. చేతికి వచ్చేది 70 అమ్మకాల డబ్బు, అంటే 35,000. తిరిగి వెళ్లిన సరుకు డబ్బు సరఫరాదారు వాపసు ఇస్తాడనుకుంటే, అమ్ముడైన సరుకుకు 14,000, నూరు పార్సెళ్లు పంపినందుకు 7,000, ముప్పై వెనక్కి తెచ్చినందుకు ఒక్కోదానికి 60 చొప్పున 1,800, వసూలు రుసుము 2,100 అవుతాయి. ప్రకటనల ఖర్చు మాత్రం పార్సెల్ చేరినా చేరకపోయినా 12,000 కట్టవలసిందే. మొత్తం 36,900 కాబట్టి 1,900 నష్టం. తిరిగి వచ్చేవి ఇరవైకి తగ్గితే 1,400 లాభం కనిపిస్తుంది, అంటే ఒక్కో ఆర్డర్‌కు పద్నాలుగు రూపాయలు. లాభానికీ నష్టానికీ మధ్య గీత నూటికి ఇరవై నాలుగో పార్సెల్ దగ్గర ఉంది. ఈ గీత ఎక్కడుందో తెలిశాక, సరఫరాదారు చేసే ప్రతి చిన్న జాప్యాన్నీ నేను వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను.

కొరియర్ వాళ్లు ఆర్‌టీఓ అని పిలిచే ఈ తిరుగు పార్సెళ్లకు కారణం కొనుగోలుదారుల చపలత్వమేనని చాలామంది అమ్మకందారులు అంటారు. అది కొంతవరకే నిజం. పార్సెల్ వద్దన్నవారికి ఫోన్ చేసి అడిగితే, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె నుంచి ఒకాయన, ‘‘అది వస్తాదో రాదో తెలీక మొన్న సంతలో కొనేసినాన్నా, ఇప్పుడు రెండోది ఏం చేసుకునేది?’’ అన్నారు. అలాంటి జవాబులే మరికొన్ని వచ్చాక, తిరిగి వచ్చిన ఆర్డర్ల ట్రాకింగ్ పేజీలను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. సరఫరాదారు ప్యానెల్‌లో అదే రోజు ‘పంపబడింది’ అని ఉన్న పార్సెళ్లకు, కొరియర్ సైట్‌లో మొదటి స్కాన్ మూడు నాలుగు రోజుల తర్వాత పడింది. అంటే లేబుల్ ముద్రించి ట్రాకింగ్ నంబరు ఇచ్చాడే తప్ప సరుకు గోదాం దాటలేదు.

ఎందుకు దాటలేదన్నది నిలదీసి అడిగితే తేలింది. అతను తయారీదారు కాడు, తానే మరొకరి దగ్గర తెచ్చి ఇచ్చేవాడు. అతని స్టాక్ పట్టిక రోజుకొకసారి మాత్రమే మారేది. ఆ పట్టికలోని అవే యాభై ముక్కలను నాలాంటి అమ్మకందారులందరికీ చూపించేవాడు. ఉదయం ఉన్న సరుకు మధ్యాహ్నానికి అయిపోతే, తర్వాతి లోడు వచ్చేదాకా మా ఆర్డర్లు లేబుళ్ల మీదే నిలిచిపోయేవి. నగదు ఇచ్చి తీసుకోవలసిన మనిషికి ఈ లోగా ఉత్సాహం చల్లారడంలో వింత ఏముంది?

రెండో నష్టం పెట్టె రూపంలో వచ్చింది. కొరియర్ సంస్థ అసలు బరువు, ఘనపరిమాణ బరువు రెండింటిలో ఎక్కువైనదానికి రుసుము వేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణ బరువు. మా చాపర్ అర కిలో లోపే. అయితే సరఫరాదారు చేతికందిన 25, 20, 10 సెంటీమీటర్ల పెట్టెలో దాన్ని పెట్టాడు, కాబట్టి సరిగ్గా కిలో అయింది. ఒక్కో పార్సెల్ మీద ఇంకో 50 రూపాయలు పడింది. పద్నాలుగు రూపాయల లాభం మీద యాభై రూపాయల పెట్టె! అదే వస్తువు 20, 15, 8 పెట్టెలో పడుతుంది, అప్పుడు బరువు 0.48 కిలోలే. బరువు తేడా నోటీసు వచ్చినప్పుడు కొలతలు కనిపించే ఫొటో లేకపోతే అభ్యంతరం నిలవదు. ఆ ఫొటో సరఫరాదారే తీయాలి, నష్టం నాది కాబట్టి అతనికి తొందర ఉండదు.

తిరిగి వెళ్లిన సరుకుదీ ఇదే కథ. ఇరవై పార్సెళ్లు వెనక్కి వెళ్లినప్పుడు, పది పెట్టెలు నలిగాయని అతను డబ్బు తిరిగి ఇవ్వకపోతే 2,000 పోతుంది, పైన చెప్పిన 1,400 లాభం 600 నష్టంగా మారుతుంది. కొనుగోలుదారు ముందు మాత్రం అమ్మకందారు నేనే. వస్తువు లోపంతో వచ్చినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోను అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు ఒప్పుకోవు. సూరత్ గోదాం సంగతి ఆయనకు చెప్పి ప్రయోజనం లేదు.

ఆ తర్వాత సరఫరాదారును ఎంచుకొనే పద్ధతి మార్చాను. తెలంగాణకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం కనుక, టర్నోవర్‌తో నిమిత్తం లేకుండా జీఎస్‌టీ నమోదు నాకు ఎలాగూ ఉంది. కాబట్టి సరఫరాదారు నంబరు కూడా అడిగి gst.gov.in లో వెతికాను. నమోదు తేదీ, చిరునామా, తయారీయా టోకు వ్యాపారమా అన్నది అక్కడ కనిపిస్తుంది. సరుకంతా తన ఫ్యాక్టరీదేనన్న ఒకాయన, అక్కడ కొత్తగా నమోదైన చిల్లర వ్యాపారిగా తేలాడు. నమూనా కావాలని అడిగితే మంచి ముక్కను ఏరి పంపుతారు, అందుకే బంధువుల పేర్లతో కడపకు, కర్నూలుకు, ఒక పల్లెకు మామూలు ఆర్డర్లే పెట్టించి, ఆర్డర్‌కూ మొదటి స్కాన్‌కూ మధ్య గంటలు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో స్కాన్ పడకపోతే ఆర్డర్ రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వాలని, పెట్టె కొలత ఇంతేనని, తిరిగి వచ్చిన సరుకు తెరిచేటప్పుడు వీడియో తీయాలని వాట్సాప్‌లో రాయించుకున్నాను. ఇద్దరు ఈ షరతులు చూసి మళ్లీ జవాబే ఇవ్వలేదు. ఒప్పుకున్న మూడో ఆయన ధర పన్నెండు రూపాయలు ఎక్కువ, అయినా తిరుగు పార్సెళ్లు గీతకు ఇవతలికి వచ్చాయి.

చాపర్ వంటి నిలకడగా పోయే వస్తువులను ఇప్పుడు కొద్దికొద్దిగా కొని ఇంట్లోనే పెట్టుకొని, ఇక్కడి నుంచే పంపుతున్నాను. కొత్త వస్తువు పోతుందో లేదో చూడడానికి మాత్రమే డ్రాప్‌షిప్పింగ్ వాడుతున్నాను. అందులోనూ 400 రూపాయలకు లోపు వస్తువును తీసుకోను, ఎందుకంటే కొరియర్, ప్రకటనల ఖర్చు వస్తువు ధరతో పాటు తగ్గవు.